బడ్జెట్ సరిచూడటం, 4వ పాఠం: మొత్తం సరిపోయినా పద్దు మించుతుంది

పోయిన పాఠంలో ఉగాది సభకు పద్దుల వారీగా పరిమితులు రాసుకున్నాం. భోజనాలకు 80,000, టెంటు-స్టేజీకి 45,000, సౌండు-లైట్లకు 30,000, కళాకారులకు 25,000, ప్రచారానికి 12,000, ఇతరాలకు 8,000. పన్నులతో కలిపి మొత్తం 2 లక్షలు.

పర్లాకిమిడి కుర్రాళ్లు ప్రతిపాదన తెచ్చారనుకుందాం. అదే వరసలో 74,000, 42,000, 28,000, 25,000, 15,500, 6,000. మొత్తం 1,90,500. "రెండు లక్షల లోపే కదండీ, సంతకం పెట్టేయండి" అంటారు. పెట్టకండి.

ముందు కొటేషన్లు అడిగి తీసుకోండి. టెంటు హౌస్ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో "జీఎస్టీ అదనం" అని ఉంది. 42,000 మీద 18 శాతం అంటే 7,560. అసలు ఖర్చు 49,560.

తర్వాత "ఇతరాలు" విప్పి చూడండి. ఇరుకైన పద్దులో పట్టనిదంతా అక్కడికే చేరుతుంది. ఇందులో జనరేటర్ డీజిల్ 3,500 ఉంది. జనరేటర్ నడిచేది మైకుల కోసం, లైట్ల కోసం. కాబట్టి దాన్ని సౌండు-లైట్లలోకి మార్చాలి. ఆ పద్దు 31,500 అవుతుంది, ఇతరాల్లో 2,500 మిగులుతుంది.

ఇప్పుడు షీట్‌లో A పద్దు, B పరిమితి, C సరిదిద్దిన ఖర్చు, D మించినది. D2లో మొదటి ఫార్ములా పెట్టి D7 దాకా లాగండి. మిగతా రెండూ వేరే ఖాళీ గడుల్లో పెట్టండి.

```
=MAX(0, C2-B2)
=SUM(D2:D7)
=SUM(C2:C7)-SUM(B2:B7)
```

టెంటు 4,560, సౌండు 1,500, ప్రచారం 3,500 మించాయి. మించినది మొత్తం 9,560. కళాకారుల పద్దు సరిగ్గా 25,000 దగ్గర ఆగింది, అది మించినట్టు కాదు. మూడో ఫార్ములా ఇచ్చే నికర తేడా మాత్రం మైనస్ 1,940, అంటే మొత్తం మీద ఇంకా మిగులే.

తికమకంతా ఇక్కడే. డీజిల్‌ను ఏ పద్దులో రాసినా నికర తేడా మారదు. మించిన మొత్తం మాత్రం 8,060 నుంచి 9,560కి పెరిగింది. నికర తేడా ఒక్కటే చూసేవారికి ఈ సర్దుబాటు ఎప్పటికీ కనపడదు. భోజనాల్లో మిగిలిన 6,000 ఫ్లెక్సీలకు వాడాలంటే కమిటీ తీర్మానం కావాలి; లెక్క చూసే మనకు ఆ హక్కు లేదు.

అందుకే ప్రతిపాదన మొత్తాన్ని తిప్పికొట్టకుండా, మించిన మూడు పద్దులే వెనక్కి పంపండి. మొహమాటానికి "కాస్త తగ్గించండి" అని రాస్తే వంద తగ్గించి తెస్తారు, నాకు అనుభవమే. ఇలా రాయండి: "ప్రచారం: పరిమితి 12,000, అడిగినది 15,500, మించినది 3,500. తగ్గించండి, లేదా కమిటీ అనుమతి తెండి." మిగతా రెండూ అలాగే రాసి, చివర మించినది 9,560, నికర తేడా మైనస్ 1,940 అని రెండు అంకెలూ వేయండి.

అభ్యాసం: టెంటు హౌస్ ఆయన బేరానికి దిగి 38,000కు ఒప్పుకున్నాడు, జీఎస్టీ అదనమే. రెండు అంకెలూ మళ్లీ కట్టండి. జవాబు 5వ పాఠం మొదట్లో.