పాత కాగితాల్లోని హిజ్రీ తేదీని ఇంగ్లీషు తేదీగా ఎలా మార్చాలి? ఒక రోజు తేడా ఎందుకు వస్తుంది?

దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ ప్రాంతాల తెలుగు ఇళ్లలో పాత పెట్టెలు తెరిస్తే నిజాం కాలపు ఉర్దూ కాగితాలు ఇప్పటికీ దొరుకుతాయి. నాందేడ్ జిల్లా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది కదా. ఉర్దూ చదివే పెద్దాయన ఎవరైనా దొరికితే విషయం తెలిసిపోతుంది. చిక్కు తేదీ దగ్గర వస్తుంది. ఫోన్‌లో ఒక కన్వర్టర్ ఒక తేదీ చూపిస్తుంది, ఇంకొకటి దాని మరుసటి రోజు చూపిస్తుంది. చేత్తో లెక్క కట్టడం వస్తే ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మనకే తెలుస్తుంది.

ముందు అది హిజ్రీయేనా చూడండి

నిజాం రాజ్యపు కాగితాల మీద తరచూ ఫస్లీ సంవత్సరం కూడా ఉంటుంది. అది రెవెన్యూ లెక్కల కోసం వాడిన సౌర సంవత్సరం. నెల పేరు ఆజుర్, దై, బహ్మన్, తీర్ లాంటిదైతే అది ఫస్లీ. ఈ పద్ధతి దానికి పనికిరాదు. మొహర్రం, సఫర్, రజబ్, రంజాన్ లాంటి పేరుంటేనే హిజ్రీ. అంకె చూసి ఊహిస్తే దెబ్బతింటాం, ఎందుకంటే ఆ కాలంలో రెండింటికీ తేడా పదేళ్లే. 1948 సెప్టెంబరు నాటికి ఫస్లీ 1357 నడుస్తోంది, హిజ్రీ 1367 నడుస్తోంది. ఇక్కడ పొరపడితే పోయేది ఒక రోజు కాదు, పదేళ్లు.

పట్టిక లెక్క ఎలా నడుస్తుంది

అసలు హిజ్రీ నెల నెలవంక కనబడితే మొదలవుతుంది. కానీ గడిచిపోయిన, రాబోయే తేదీలను లెక్కించడానికి ఒక స్థిరమైన పట్టిక ఉంది. అందులో నెలలకు వరుసగా 30, 29, 30, 29 రోజులు. మొహర్రానికి 30, సఫర్‌కు 29, తొమ్మిదో నెల రంజాన్‌కు 30, ఇలా సాగుతుంది. మొత్తం 354 రోజులు. మన పంచాంగంలోలా అధికమాసం ఉండదు కాబట్టి పండుగలు ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంటాయి.

చంద్రుడి పన్నెండు నెలలు 354 రోజుల కంటే కాస్త ఎక్కువ. ఆ కాస్తను సరిచేయడానికి 30 ఏళ్లకు 11 సార్లు చివరి నెల జిల్‌హజ్‌కు ఒక రోజు కలుపుతారు. ఆ 30 ఏళ్లలో 2, 5, 7, 10, 13, 16, 18, 21, 24, 26, 29వ సంవత్సరాలకు 355 రోజులు. కాబట్టి ఒక చక్రం అంటే 10,631 రోజులు.

హిజ్రీ శకం మొదటి రోజు నుంచి లెక్కపెట్టే పని లేదు. ఇటీవలి చక్రాలు ఎప్పుడు మొదలయ్యాయో తెలిస్తే చాలు:

- 1 మొహర్రం 1321: 1903 మార్చి 30
- 1 మొహర్రం 1351: 1932 మే 7
- 1 మొహర్రం 1381: 1961 జూన్ 15
- 1 మొహర్రం 1411: 1990 జూలై 24
- 1 మొహర్రం 1441: 2019 సెప్టెంబరు 1

ఒక తేదీ మార్చి చూద్దాం

కాగితం మీద 13 జిల్‌ఖాద్ 1367 అని ఉందనుకుందాం. జిల్‌ఖాద్ పదకొండో నెల.

మొదట, ఆ సంవత్సరానికి ముందు మొదలైన చక్రాన్ని పట్టుకోవాలి. అది 1351, అంటే 1932 మే 7.

రెండోది, పూర్తయిన సంవత్సరాలు. 1351 నుంచి 1366 వరకు 16. పదహారును 354తో గుణిస్తే 5,664. ఈ 16 ఏళ్లలో 2, 5, 7, 10, 13, 16వవి పెద్ద సంవత్సరాలు, కాబట్టి ఇంకో 6 రోజులు. మొత్తం 5,670. 1367ను ఇందులో కలపకూడదు, అది ఇంకా నడుస్తున్న సంవత్సరం.

మూడోది, పూర్తయిన నెలలు. మొహర్రం నుంచి షవ్వాల్ వరకు పది. ఐదు 30లు, ఐదు 29లు, అంటే 295 రోజులు.

నాలుగోది, తేదీ 13 కాబట్టి 12 రోజులు కలపాలి. ఒకటో తేదీకి సున్నా, అందుకే ఒకటి తగ్గిస్తున్నాం. చాలామంది చేతి లెక్క ఇక్కడే తప్పుతుంది. 13 కలిపేసి, తర్వాత ‘ఒక రోజు తేడా వచ్చింది, నెలవంక వల్లే’ అనుకుంటారు.

అన్నీ కలిపితే 5,977 రోజులు. 1932 మే 7 నుంచి 1948 మే 7 వరకు 16 ఏళ్లు, మధ్యలో నాలుగు ఫిబ్రవరి 29లు, కాబట్టి 5,844 రోజులు. మిగిలినవి 133. సెప్టెంబరు 7 నాటికి 123 అయిపోతాయి. ఇంకో పది కలిపితే 1948 సెప్టెంబరు 17, శుక్రవారం. హైదరాబాద్ రాష్ట్రం మీద జరిగిన సైనిక చర్య ముగిసిన రోజు.

కాగితాలు చాలా ఉంటే ఎక్సెల్‌లోగానీ గూగుల్ షీట్స్‌లోగానీ A1లో సంవత్సరం, B1లో నెల అంకె, C1లో తేదీ పెట్టి ఈ ఫార్ములా వేయండి. ఇరవయ్యో శతాబ్దం నుంచి ఇటు తేదీలకు ఇది సరిపోతుంది. ఫలితం వట్టి అంకెలా కనిపిస్తే ఆ గడికి డేట్ ఫార్మాట్ పెట్టండి.

```
=DATE(2019,9,1)+(A1-1)*354+INT((3+11*A1)/30)+ROUNDUP(29.5*(B1-1),0)+C1-510289
```

మరి ఒక రోజు ఎందుకు తప్పుతుంది?

పట్టిక సగటు తప్పు అనుకునేవారున్నారు. కాదు. సగటున అది ఎంత దగ్గరగా ఉంటుందంటే, ఒక రోజు తేడా పేరుకోవడానికి రెండు వేల ఏళ్లకు పైనే పడుతుంది. చిక్కంతా విడివిడి నెలలతోనే. అమావాస్య నుంచి అమావాస్యకు పట్టే కాలం ఒకసారి 29.3 రోజులు, ఇంకోసారి 29.8 రోజులు అవుతుంది. ఆకాశంలో వరుసగా రెండు మూడు నెలలు 30 రోజులే రావచ్చు. పట్టిక మాత్రం తన 30, 29 వరుస తప్పదు. దానిపైన, నెల మొదలయ్యేది అమావాస్యతో కాదు, వంక కంటికి కనబడటంతో.

మన దగ్గర రెండు మంచి ఉదాహరణలున్నాయి, ఎందుకంటే రెండేళ్లు వరుసగా ఉగాది, రంజాన్ పండుగ పక్కపక్కనే వచ్చాయి.

2024లో షవ్వాల్ ఒకటి, అంటే పండుగ, పట్టిక ప్రకారం ఏప్రిల్ 10. (పై పద్ధతిలో: 1441 నుంచి 1444 వరకు 1,417 రోజులు, ఎనిమిది నెలలు 236, రంజాన్ 30, మొత్తం 1,683. 2019 సెప్టెంబరు 1కి కలిపి చూడండి.) దేశంలో ఎక్కువ చోట్ల పండుగ జరిగింది ఏప్రిల్ 11న. ఇదెలా జరిగిందో పంచాంగం తీస్తే తెలుస్తుంది. అమావాస్య ఏప్రిల్ 8 రాత్రి దాదాపు 11.50కి ముగిసింది. మరునాడు ఉగాది, మరాఠీవాళ్లకు గుడీ పడ్వా. ఆ సాయంత్రం పొద్దు గూకేసరికి చంద్రుడి వయసు సుమారు 19 గంటలు. అంత సన్నని వంక కనబడటం కష్టం. కేరళలో కనబడిందని ప్రకటించి 10నే పండుగ చేసుకున్నారు. మిగతా చాలా చోట్ల కనబడలేదు కాబట్టి 30 ఉపవాసాలు పూర్తి చేసి 11న చేసుకున్నారు.

నిజానికి ఈ తేడా నెల ముందే మొదలైంది. పట్టిక ప్రకారం రంజాన్ నెల మార్చి 11న మొదలు. దానికి ముందు సాయంత్రం, మార్చి 10న, అమావాస్య ముగిసి నాలుగు గంటలే అయింది. ఆ వంక ఎవరి కంటికీ కనబడదు. కాబట్టి మన దగ్గర తొలి రోజా మార్చి 12న.

2025లో అమావాస్య మార్చి 29 సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ముగిసింది. 30న ఉగాది సాయంత్రానికి వంక వయసు 26 గంటలు. కనబడింది, 31న పండుగ. పట్టిక కూడా 31 అనే చెబుతుంది. అదే పట్టిక, అదే ఊరు, ఒక ఏడాది కలిసింది, ఇంకో ఏడాది కలవలేదు. అందుకే ‘ఎప్పుడూ ఒక రోజు కలిపేసుకోండి’ అని చెప్పే సలహాను నేను నమ్మను.

రెండు కన్వర్టర్లు వేర్వేరుగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. హిజ్రీ మొదటి రోజును కొందరు క్రీ.శ. 622 జూలై 16 శుక్రవారంగా, కొందరు జూలై 15 గురువారంగా తీసుకుంటారు. పైన ఇచ్చినవన్నీ శుక్రవారం లెక్కవి. గురువారం లెక్క వాడే ప్రోగ్రామ్ ప్రతి తేదీనీ ఒక రోజు ముందు చూపిస్తుంది. 13 జిల్‌ఖాద్ 1367 వేసి చూడండి. సెప్టెంబరు 16 అని వస్తే అది గురువారం లెక్క కావచ్చు. కొన్ని సౌదీ అధికారిక క్యాలెండర్ వాడతాయి, అది అసలు ఈ పట్టికే కాదు.

వారం పేరుతో సరిచూడండి

పాత కాగితంలో తేదీ పక్కన వారం ఉంటే అదృష్టమే. హిజ్రీ తేదీ ఊరిని బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది, వారం మాత్రం ఎవరికైనా ఒకటే. మన ఉదాహరణలో జుమా అని ఉంటే సెప్టెంబరు 17 ఖాయం. హఫ్తా, అంటే శనివారం అని ఉంటే, రాసినవారి ఊళ్లో ఆ నెల ఒక రోజు ఆలస్యంగా మొదలైందన్నమాట. అసలు తేదీ 18. జుమేరాత్ అని ఉంటే 16. మంగళవారమో సోమవారమో వస్తే దాన్ని నెలవంక మీదకు తోయకండి. అంకె తప్పు చదివారు, లేదా నెల తప్పు చదివారు. రబీ ఉల్ అవ్వల్, రబీ ఉస్ సానీ తారుమారైతే కూడా వారం కలవదు. రాత వెలిసిపోయిన కాగితంలో ఆ రెండు పేర్లూ ఒకేలా కనబడతాయి.

వారం లేకపోతే ఆ నెల అమావాస్య ఎప్పుడు ముగిసిందో పాత పంచాంగంలో చూసి, వంక కనబడే వీలుందో లేదో అంచనా వేయవచ్చు. అంతకుమించి తేల్చలేం. అప్పుడు ‘సెప్టెంబరు 17, ఒక రోజు అటూ ఇటూ’ అని రాసుకోవడమే నిజాయితీ.

పుట్టిన తేదీల విషయంలో ఇంకొకటి చూడాలి. హిజ్రీ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. 13 జిల్‌ఖాద్ రాత్రి తొమ్మిదింటికి బిడ్డ పుట్టాడని ఆ పద్ధతిలో రాసి ఉంటే, పట్టిక చూపే 17వ తేదీకి ముందు రాత్రి, సెప్టెంబరు 16 రాత్రి అన్నమాట. పగటి వేళ రాసిన కాగితాలకు ఈ సవరణ అక్కర్లేదు.