కిట్ గీతను లెక్కగా చదవకండి: జ్వరాల సీజన్‌కు ముందు ల్యాబు జాగ్రత్తలు

మొన్న మా దగ్గరికి వచ్చిన కేసుతోనే మొదలుపెడతాను. నాలుగు రోజుల జ్వరంతో ఉన్న మనిషికి అంతకుముందు రాత్రి వేరేచోట మలేరియా ర్యాపిడ్ కిట్ పెట్టారు. ఫాల్సిపేరమ్ అనే మలేరియా పరాన్నజీవి వదిలే హెచ్‌ఆర్‌పీ2 ప్రొటీన్‌కు గీత ఒక్కటే ఉండే కిట్ అది. ఫాల్సిపేరమ్ గీత వచ్చింది కానీ, వెలుతురుకి పట్టి చూస్తే తప్ప కనిపించనంత పలచగా ఉంది. "లైట్‌గానే ఉంది, పొద్దున చూద్దాం" అని పంపేశారు. పొద్దున మా దగ్గరికి వచ్చేసరికి మనిషి మగతలో ఉన్నాడు. థిన్ స్మియర్‌లో వెయ్యి ఎర్రకణాలు లెక్కపెడితే 120 కణాల్లో పరాన్నజీవులున్నాయి. అంటే 12 శాతం. ఎర్రకణాలు మైక్రోలీటరుకు 40 లక్షలు ఉన్నాయి కాబట్టి సుమారు 4,80,000. ఫాల్సిపేరమ్‌లో 10 శాతం దాటితే ఆ ఒక్క కారణంతోనే తీవ్ర మలేరియా కింద లెక్క. గీత మాత్రం పలచన!

ఇన్నేళ్లలో మనుషుల్ని ముంచిన తప్పు ఏదంటే నేను చెప్పేది ఇదే: గీత ముదురుదనాన్ని పరాన్నజీవుల సంఖ్యగా చదవడం. కిట్‌కి లెక్కపెట్టడం రాదు. రక్తంలో ఫలానా ప్రొటీన్ ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు చెబుతుంది.

గీత ఎందుకు పలచబడింది

కిట్‌లో రెండు రకాల యాంటీబాడీలుంటాయి. ఒకటి స్ట్రిప్ మీద అతికి ఉంటుంది, రెండోదానికి రంగు తగిలించి ఉంటుంది. ప్రొటీన్ ఈ రెండింటి మధ్య ఇరుక్కుంటేనే గీత కనబడుతుంది. ప్రొటీన్ మరీ ఎక్కువైతే ఒక ముక్క స్ట్రిప్‌కి, ఇంకో ముక్క రంగుకి విడివిడిగా అంటుకుంటాయి. మధ్యలో వంతెన పడదు, గీత వెలిసిపోతుంది. దీన్ని ప్రోజోన్ అంటారు. అరుదే, కానీ వచ్చేది పరాన్నజీవులు బాగా ఎక్కువున్న మనిషిలో. అనుమానం వస్తే రక్తాన్ని సెలైన్‌తో పదింతలు పలచన చేసి మళ్లీ పెట్టండి. గీత ముదిరితే సంగతి తేలిపోయినట్టే. అయితే అది తేలేదాకా స్మియర్ ఆపకండి.

మామూలుగా పలచటి గీత తక్కువ పరాన్నజీవులున్నప్పుడే వస్తుంది. కానీ మీ ముందున్నది ఆ పలచనా, ఈ పలచనా అని కిట్ చెప్పదు.

లెక్క ఎక్కడ దొరుకుతుంది

థిక్ స్మియర్‌లో తెల్లకణాలను, పరాన్నజీవులను కలిపి లెక్కపెడతాం. 200 తెల్లకణాలు అయ్యేసరికి 100 పరాన్నజీవులైనా వస్తే చాలు, రాకపోతే 500 తెల్లకణాల దాకా వెళ్లాలి. మొదలుపెట్టిన ఆఖరి ఫీల్డ్‌ను సగంలో వదలకండి. గామిటోసైట్లను ఇందులో కలపకండి, అవి విడిగా రాయాలి. మందు వేశాక కూడా కొన్నాళ్లు అవి తిరుగుతుంటాయి, కలిపితే మందు పనిచేయలేదనిపిస్తుంది.

ఉదాహరణకు 200 తెల్లకణాలకు 420 పరాన్నజీవులు వచ్చాయనుకోండి. తెల్లకణాలు మైక్రోలీటరుకు 8,000 అని పట్టుకుంటే 420ని 8,000తో గుణించి 200తో భాగించాలి: 16,800. కానీ మలేరియాలో తెల్లకణాలు తగ్గడం మామూలే. ఆ మనిషికి నిజంగా 3,500 ఉంటే సంఖ్య 7,350కి పడిపోతుంది. ఏది వాడినా ఒకటే పట్టుకోండి. మొదటి రోజు 8,000తో, మూడో రోజు అసలు కౌంటుతో లెక్కేస్తే, పరాన్నజీవి ఒక్కటీ చావకపోయినా సగానికి పైగా తగ్గినట్టు రిపోర్టు వస్తుంది. డాక్టరు అది చూసి మందు పనిచేస్తోందనుకుంటాడు. ఏ కౌంటుతో లెక్కేశారో రిపోర్టులో రాయండి.

ఫీల్డ్ నిండా కిక్కిరిసి ఉంటే థిక్ వదిలేసి థిన్‌కి వెళ్లండి, శాతంలో చెప్పండి.

ఇంకో మాట. స్మియర్‌లో కనబడేది కూడా మొత్తం భారం కాదు. ముదిరిన ఫాల్సిపేరమ్ పరాన్నజీవులు సన్నటి రక్తనాళాల గోడలకి అతుక్కుని ఉంటాయి, వేలిచుక్కలోకి రావు. అందుకే మనిషి మగతలో ఉంటే, తక్కువ సంఖ్య చూసి ధైర్యపడకండి. మందు మొదలెట్టిన తొలి రోజు సంఖ్య కాస్త పెరిగినట్టు కనిపించినా కంగారు వద్దు.

మందు అయ్యాక

అదే మనిషి సంగతే. ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు పడ్డాయి, మూడో రోజుకి స్మియర్ శుభ్రం. పన్నెండో రోజు మళ్లీ జ్వరం. ఎవరో మళ్లీ కిట్ పెట్టారు. ఈసారి గీత ముదురు ఎరుపు, దూరం నుంచే కనబడుతోంది! "మలేరియా తిరగబెట్టింది, ఇంకో కోర్సు" అన్నారు. మేము థిక్ స్మియర్ 100 ఫీల్డులు చూశాం, మర్నాడు మళ్లీ చూశాం. ఒక్కటీ లేదు. చివరికి తేలింది మూత్రంలో ఇన్ఫెక్షన్.

4,80,000 ఉన్నప్పుడు పలచన. సున్నా ఉన్నప్పుడు ముదురు. హెచ్‌ఆర్‌పీ2 అనేది పరాన్నజీవి రక్తంలోకి వదిలే ప్రొటీన్, అది చచ్చాక కూడా వారాల తరబడి మిగిలే ఉంటుంది. కాబట్టి ఈ మధ్యే మందు పడిన మనిషికి ఆ గీత ఎందుకూ పనికిరాదు. కొన్ని కిట్లలో ఉండే పీఎల్‌డీహెచ్ అనే ఇంకో ప్రొటీన్ గీత త్వరగా పోతుంది, అయినా దాన్నీ లెక్కగా చదవకూడదు.

ఇక మిగిలినవి, వరసగా:

మళ్లీ జ్వరమని వస్తే ముందు అడగాల్సింది, గత నెలలో మలేరియా మందు వేసుకున్నారా అని. అవునంటే కిట్ తీయకండి, స్మియర్ తీయండి.

కిట్ నెగటివ్ వచ్చిందని మలేరియా కాదని రాయకండి. మైక్రోలీటరుకు వంద, రెండొందల కంటే తక్కువుంటే కిట్ తప్పిపోవచ్చు. కొన్ని ఫాల్సిపేరమ్ రకాల్లో హెచ్‌ఆర్‌పీ2 జన్యువే ఉండదు. ఆ సంగతి 2010లో పెరూలో బయటపడింది, తర్వాత ఇంకా చాలాచోట్ల కనబడింది.

అనుమానం గట్టిగా ఉంటే 12 నుంచి 24 గంటలకోసారి స్మియర్ చూడండి, మొత్తం మూడు సార్లు.

100 ఫీల్డులు చూడకుండా నెగటివ్ రాయొద్దు. పది చూసి లేచేవాళ్లను నేను చూశాను.

థిక్ స్మియర్‌కి మిథనాల్ తగలనివ్వకండి. వేడి గాలి పెట్టి ఆరబెట్టకండి. రెండింటితోనూ ఎర్రకణాలు బిగుసుకుపోతాయి, జీంసాలో కరగవు, కింద ఏముందో కనబడదు.

ట్యూబులో రక్తాన్ని గంటలు గంటలు ఉంచి స్మియర్ చేయకండి.

జీంసా నీటి పీహెచ్ 7.2.

బఫర్ అయిపోతే ఇంకో కిట్ బఫర్ వాడొద్దు. నీళ్లు అసలే వద్దు.

టైమర్ పెట్టండి. పెట్టె మీద రాసిన సమయం దాటాక వచ్చిన గీతను చదవొద్దు.

పలచటి గీత అంటే పాజిటివ్. అంతే. 'స్వల్పం' అనే మాట రాయొద్దు, ఒక ప్లస్సు, రెండు ప్లస్సులు కిట్ రిపోర్టులో రాయొద్దు.

కిట్ పాజిటివ్ వస్తే అదే పూట స్లైడ్ కూడా తీయండి, మందు మొదటి డోసుకి ముందే. కానీ స్లైడ్ రిపోర్టు కోసం మందు ఆపొద్దు.

రాత్రి డ్యూటీలో స్లైడ్ చదివేవాళ్లు లేరా? ఎవరిని లేపాలో, ఆ ఫోన్ నంబరు గోడకి అంటించండి. ఈ వారమే.