చోక్ మీద "మాడిఫైడ్" అనే ఉంది, దూరపు క్లేలు మాత్రం పగలడం లేదు: కాగితం మీద ప్యాటర్న్ చూసి కారణం పట్టుకోవడం

సమస్య: 12 బోర్ షాట్‌గన్‌తో ట్రాప్ ఆడుతున్నారు. దగ్గరి క్లేలు పొడైపోతున్నాయి. దూరంగా వెళ్లినవి మాత్రం ఒక్కోసారి పగులుతున్నాయి, ఒక్కోసారి చెక్కు చెదరకుండా పోతున్నాయి. గురి తప్పిందనుకునే ముందు కాగితం పెట్టి చూడండి.

రేంజ్‌లో, వెనక గట్టి మట్టికట్ట ఉన్న చోట, నాలుగడుగుల వెడల్పు కాగితం నిలబెట్టి మధ్యలో చుక్క పెట్టండి. గొట్టం మూతి నుంచి కాగితానికి 40 గజాలు టేపుతో కొలవండి. ఒక్కో కాగితానికి ఒకే షాట్. కాల్చాక చుక్క చుట్టూ కాదు, రంధ్రాలు బాగా ఒత్తుగా పడిన చోటు చుట్టూ 30 అంగుళాల వ్యాసంతో వలయం గీయండి. లోపలి రంధ్రాలు లెక్కపెట్టండి. అదే పెట్టెలోంచి ఒక తూటా విప్పి గుండ్లు కూడా లెక్కపెట్టాలి. శాతం దీంతోనే తెలుస్తుంది.

తూటాలో 390 గుండ్లు ఉన్నాయనుకుందాం. ఐదు కాగితాల సగటు 215 వస్తే అది 55 శాతం. సీసం గుండ్లకు మాడిఫైడ్ 60 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండర్ 50, ఫుల్ 70 ఇవ్వాలన్నది పాత లెక్క. అంటే ఈ తూటాతో మీ మాడిఫైడ్ ఒక మెట్టు కిందికి జారుతోంది. ఒక్క కాగితం చూసి తీర్పు చెప్పకండి, ఒకే పెట్టెలోని తూటాల మధ్య కూడా తేడా బాగానే ఉంటుంది.

కారణం: ఎక్కువగా మెత్తటి సీసమే. పేలినప్పటి ఒత్తిడికి గుండ్లు నొక్కుకుపోతాయి, గుండ్రంగా లేనివి పక్కకు చెదిరిపోతాయి. వేగం ఎక్కువున్న తూటాల్లో ఇది ఇంకా పెరుగుతుంది.

పరిష్కారం: ముందు చోక్ మార్చకండి. ఆంటిమొని ఎక్కువ కలిపిన గట్టి గుండ్ల తూటా, కొంచెం తక్కువ వేగంది, అదే సైజులో తెచ్చి మళ్లీ ఐదు కాల్చండి. సగటు 250కి చేరితే 64 శాతం, చోక్‌లో తప్పేమీ లేదన్నమాట. అప్పటికీ పెరగకపోతే ఒక మెట్టు బిగువైన చోక్ వేయండి. తుపాకీ ఖాళీ చేశాకే చోక్ విప్పాలి. స్టీల్ గుండ్లకు ఈ సలహా వర్తించదు, వాటికి బిగువు చోక్ గొట్టాన్ని పాడుచేయగలదు.

సమస్య: శాతం బాగుంది, ఒత్తు మాత్రం ప్రతి కాగితం మీదా చుక్కకు కిందే పడుతోంది.

కారణం, పరిష్కారం: 16 గజాల్లో, ఎప్పటిలా భుజానికెత్తి కాల్చండి. తర్వాత ఆసరా మీద పెట్టి నిదానంగా గురిచూసి కాల్చండి. రెండోసారి సరిగ్గా పడితే చెంప ఆనే చెక్క ఎత్తు మీకు సరిపోలేదు. అక్కడ ప్యాటర్న్ ఒక అంగుళం పైకి రావాలంటే ఆ చెక్క సుమారు 1/16 అంగుళం ఎత్తు పెరగాలి. మందపాటి టేపు పొరలతో పెంచి చూశాకే చెక్క పని చేయించండి. రెండోసారీ కిందే పడితే తప్పు గొట్టానిదో చోక్‌దో. వేరే చోక్ వేసి చూసి, మారకపోతే గన్‌స్మిత్‌కు చూపించండి. కొంచెం పైన పడితే మాత్రం కంగారు అక్కర్లేదు. ట్రాప్ క్లే పైకి లేస్తూ పోతుంది కాబట్టి ఆ తుపాకులను కావాలనే అలా చేస్తారు.