ఫుడ్ సేఫ్టీ తనిఖీకి హోటల్ కిచెన్‌ను ఎలా సిద్ధం చేయాలి?

హైదరాబాద్‌లో రోజుకు రెండు మూడు హండీల బిర్యానీ దించే ఓ మోస్తరు హోటల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ సాధారణంగా చెప్పి రారు. కాబట్టి వచ్చే ముందు రోజు నేల కడిగి, గోడలకు సున్నం వేస్తే సరిపోదు. వారు అడిగే కాగితాలూ, ఫ్రిజ్ మీద వేలాడే లాగ్ షీటూ ఆ రోజుకు పుట్టుకొచ్చేవి కావు.

ముందు ఫైలు

ఒకే ఫైలు పెట్టుకోండి, అది కౌంటర్ దగ్గరే ఉండాలి. "మా అకౌంటెంట్ దగ్గరుంది సార్" అనే మాట తనిఖీలో పనికిరాదు. అందులో ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ కాపీ, సిబ్బంది మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు, నీటి పరీక్ష రిపోర్టు, పెస్ట్ కంట్రోల్ రికార్డు, సరుకు కొన్న బిల్లులు, ట్రైనింగ్ తీసుకున్న సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉండాలి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఏడాదికోసారి, నీటి పరీక్ష ఆరు నెలలకోసారి కొత్తది కావాలి. 14 అంకెల నంబరున్న లైసెన్స్‌ను కస్టమర్లకు కనిపించేలా గోడకు కూడా పెట్టాలి.

ఎక్కువ మంది ఇరుక్కునేది ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల దగ్గరే. పాత మాస్టర్లందరికీ ఉంటాయి, పోయిన నెల చేరిన గిన్నెలు కడిగే కుర్రాడికి ఉండదు. హాజరు పట్టీని, సర్టిఫికెట్లను పక్కపక్కన పెట్టి పేరు పేరునా సరిచూడండి.

తర్వాత థర్మామీటర్

ఫ్రిజ్ తలుపు మీద కనిపించే అంకెను మాత్రమే నమ్మకండి. అది లోపలి గాలి వేడి, పదార్థం వేడి కాదు. ఒక ప్రోబ్ థర్మామీటర్ కొని, మెత్తగా కొట్టిన ఐసు నిండా వేసి కొద్దిగా నీళ్లు పోసిన గ్లాసులో ముంచండి. 0 డిగ్రీలు చూపించాలి. మరిగే నీళ్లలో పెడితే హైదరాబాద్‌లో 100 రాదు, దాదాపు 98 వస్తుంది. ఊరు ఎత్తులో ఉంది కాబట్టి అది థర్మామీటర్ తప్పు కాదు.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు కొన్నే. చిల్లర్ 5 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ, డీప్ ఫ్రీజర్ మైనస్ 18 లేదా అంతకన్నా తక్కువ. వేడిగా ఉంచే వెజ్ వంటకం 65 తగ్గకూడదు, నాన్‌వెజ్ 70 తగ్గకూడదు.

లాగ్ రాయడం

రోజుకు మూడుసార్లు చాలు: తెరవగానే, లంచ్ రద్దీ తగ్గాక, మూసేముందు. షీట్‌లో టైము, గాలి వేడి, పదార్థం వేడి, ఏం చేశారు, సంతకం అని ఐదు గడులు గీయండి. "ఏం చేశారు" అన్న గడి లేకపోతే ఆ షీట్ ఉన్నా లేనట్టే.

ఒక రోజు ఇలా ఉందనుకోండి. ఉదయం 10:30కి చిల్లర్‌లో గాలి 4, చికెన్ 4. మధ్యాహ్నం 3:30కి గాలి 9. రద్దీలో తలుపు పదే పదే తీశారు. వెంటనే ప్రోబ్ గుచ్చి చూస్తే లోపలి అరలో మసాలా పట్టించిన చికెన్ 5, తలుపు పక్కన పెట్టిన పెరుగు మాత్రం 8. అది ఎంతసేపటి నుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి పారబోశారు. అదే గడిలో "తలుపు రబ్బరు తుడిచాం, పెరుగు పారబోశాం" అని రాసి, 4:30కి మళ్లీ చూసి గాలి 4 అని వేశారు. ఈ షీట్ చూస్తే ఆఫీసర్‌కు నమ్మకం కుదురుతుంది. నెలంతా ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో 4, 4, 4 అని ఉంటే ఆయన చేసే మొదటి పని తన థర్మామీటర్ తీయడమే.

మధ్యాహ్నం లేకున్నా రాత్రికి తరచూ కనిపించే ఇంకో సమస్య: మిగిలిన గ్రేవీని పెద్ద డేగిసాలోనే ఫ్రిజ్‌లోకి నెట్టడం. పైన చల్లబడినా నడుమ గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లోపు దిగాలంటే రెండంగుళాల లోతు ట్రేల్లో పలుచగా పరచాలి. ట్రే మీద వండిన తేదీ, టైము రాసిన స్టిక్కర్ అంటించండి.

చివరగా సొంత తనిఖీ

క్యాటరింగ్ కోసం ఎఫ్ఎస్ఎస్ఏఐ చెక్‌లిస్ట్ ఉంది. దాన్ని ప్రింట్ తీసి, నక్షత్రం గుర్తున్న ప్రశ్నలను ముందు చూడండి, ఎక్కువ బరువు వాటికే. దాన్ని కుర్చీలో కూర్చుని టిక్కులు పెట్టే పనిగా చేయకండి. చికెన్ వచ్చే వెనుక గుమ్మం దగ్గర మొదలుపెట్టి అది ప్లేట్‌లోకి చేరేదాకా వెంట నడవండి. గుమ్మానికి ఈగలు రాని జాలీ ఉందా? వండిన కూర ఉన్న అరకు పైఅరలో పచ్చి మాంసం పెట్టారా? మాంసం కోసిన కత్తిపీటతోనే ఉల్లిపాయలు కోస్తున్నారా? చేతులు కడిగే సింక్ దగ్గర సబ్బు ఉందా, లేక సింక్ నిండా గిన్నెలేనా? స్టోర్‌లో డబ్బాల వెనక్కి చెయ్యి పెట్టి ఎక్స్‌పైరీ తేదీలు చదవండి. ముందు వరుస ఎప్పుడూ బాగానే ఉంటుంది.

రద్దీ వేళే నడవండి, ఖాళీగా ఉన్నప్పుడు ఏ కిచెన్ అయినా శుభ్రంగానే కనిపిస్తుంది. దొరికిన ప్రతి లోపం పక్కన ఎవరు, ఏ తేదీకి సరిచేస్తారో రాసి, ఆ కాగితాన్నీ ఫైల్లోనే పెట్టండి. తనిఖీలో అదే లోపం బయటపడినా, ఫ్రిజ్ మెకానిక్‌కు రెండు రోజుల ముందే ఫోన్ చేసిన సంగతి అందులో ఉంటుంది.