దసరాకు కొన్న వాచీకి ఏప్రిల్‌లో డబ్బులు కట్ కాకుండా జాగ్రత్తలు

దసరా, దీపావళి ఆఫర్లలో ఫిట్‌నెస్ వాచీ కొన్నవాళ్లలో చాలామంది పెట్టె విప్పిన రోజే, యాప్ అడిగిన చోటల్లా నొక్కుకుంటూ పోయి ప్రీమియం ట్రయల్ కూడా మొదలుపెట్టేసి ఉంటారు. ఆరు నెలల ట్రయల్ అక్టోబర్‌లో మొదలైతే ఏప్రిల్‌లో అయిపోతుంది. అక్కడి నుంచి చందా దానంతటదే మొదలవుతుంది. ఏడాది ప్లాన్ ఎంచుకుని ఉంటే ఏడాది డబ్బూ ఒకేసారి పోతుంది. నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లో పొద్దున్నే నడిచేవాళ్లకు కావాల్సిన అడుగుల లెక్క, గుండె వేగం, నిద్ర గంటలు చాలా వాచీల్లో ప్రీమియం లేకపోయినా కనిపిస్తాయి. వూప్ లాంటి బ్యాండ్ల సంగతి వేరు. అవి సభ్యత్వం మీదే నడుస్తాయి, కాబట్టి ఆపేముందు ఆలోచించుకోండి.

ఫోన్లోంచి యాప్ తీసేస్తే చందా ఆగదు. వాచీని అన్‌పెయిర్ చేసినా ఆగదు. యాప్‌లో నొక్కి తీసుకున్న ప్రీమియానికి డబ్బు వసూలు చేసేది చాలావరకు వాచీ కంపెనీ కాదు, ప్లే స్టోరో యాపిల్ యాప్ స్టోరో. ఆపాల్సింది కూడా అక్కడే. అయితే స్టోర్‌లో ఎవరి ఖాతా ఉందన్న దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు.

ఉదాహరణకు, కావలిలో ఉన్న నాన్న ఫోన్‌ను పండక్కి వచ్చిన కొడుకు సెట్ చేశాడనుకుందాం. వాచీ యాప్‌లో నాన్న ఈమెయిలే ఇచ్చాడు కానీ, ప్లే స్టోర్‌లో తన ఖాతా కూడా పెట్టి దాంతోనే ట్రయల్ తీసుకున్నాడు. అక్టోబర్ 14న మొదలైన ట్రయల్ ఏప్రిల్ 14న అయిపోతుంది. నాన్న ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపున్న గుండ్రటి బొమ్మ నొక్కి, Payments & subscriptions లోకి, అక్కడి నుంచి Subscriptions లోకి వెళ్తే అక్కడేమీ ఉండదు. ఏమీ లేదు కాబట్టి డబ్బులు పోవని అనుకుంటాడు. నిజానికి ఆయన చూస్తున్నది తన ఖాతా, చందా ఉన్నది కొడుకు ఖాతాలో. కొడుకు ఫోన్ చేసి, ‘నాన్నా, ఆ గుండ్రటి బొమ్మ నొక్కితే ఎవరి ఈమెయిల్ కనిపిస్తా ఉందో చూడు’ అని అడిగితే సంగతి తేలిపోతుంది. అక్కడే ఖాతా మార్చి మళ్లీ Subscriptions తెరిస్తే చందా కనిపిస్తుంది. దాన్ని నొక్కి Cancel subscription అనాలి. తర్వాత ఎందుకు ఆపుతున్నారని అడుగుతుంది. అక్కడే వెనక్కి వచ్చేస్తే పని పూర్తి కాదు, చివరిదాకా వెళ్లి ఖాయం చేయాలి.

ఆగిందో లేదో అదే పేజీలో చూసుకోండి. తర్వాతి చెల్లింపు తేదీ ఇంకా కనిపిస్తుంటే ఆగలేదు. దాని బదులు ఎప్పటితో ముగుస్తుందో చూపించి, Resubscribe అని కనిపిస్తే ఆగినట్టే. ఈమెయిల్ కూడా వస్తుంది, కానీ చందా ఎవరి ఖాతాలో ఉంటే వాళ్లకే.

ఐఫోన్‌లో అయితే Settings తెరిచి, పైనున్న మీ పేరు నొక్కి, Subscriptions లో ఆపాలి. యాపిల్ దగ్గర ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే ఆపేయాలి. 14న ముగిసేదాన్ని 13 రాత్రి ఆపుదామనుకుంటే కుదరకపోవచ్చు. స్టోర్ ఏదైనా రెండు మూడు రోజులు ముందుండటమే మంచిది. ముందుగా ఆపినా మామూలుగా ట్రయల్ చివరి రోజు దాకా ప్రీమియం పనిచేస్తుంది.

ఆండ్రాయిడ్ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి ఐఫోన్ తీసుకున్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. పాత చందా ఇంకా ప్లే స్టోర్‌లోనే ఉంటుంది, ఐఫోన్ సెట్టింగ్స్‌లో కనిపించదు. బ్రౌజర్‌లో play.google.com/store/account/subscriptions తెరిచి, పాత గూగుల్ ఖాతాతో లాగిన్ అయి ఆపండి.

కొందరు ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఆటోపే మాత్రం రద్దు చేసి ఊరుకుంటారు. అప్పటికి డబ్బు ఆగుతుంది కానీ, స్టోర్ లెక్కలో చందా కొన్నాళ్లు బతికే ఉంటుంది. ఈలోగా అదే ఖాతాకు వేరే కార్డు జోడిస్తే దాంట్లోంచి పోవచ్చు. ముందు స్టోర్‌లో చందా ఆపి, తర్వాత ఆటోపే చూసుకోండి. ఆటోపే ఉన్నవాళ్లకు డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది రిజర్వ్ బ్యాంక్ నియమం. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని తుడిచేయొద్దు.

డబ్బు పోయాక తెలిస్తే ముందు చందా ఆపి, వెంటనే రీఫండ్ అడగండి. ప్లే స్టోర్ దగ్గర 48 గంటల లోపు అడిగితేనే తేలిక. అది దాటితే యాప్ కంపెనీని అడగమంటారు. యాపిల్‌కైతే reportaproblem.apple.com లో చెప్పుకోవాలి. కస్టమర్ కేర్ నంబర్ కోసం మాత్రం గూగుల్‌లో వెతకొద్దు, దొంగ నంబర్లు అక్కడే కాచుకుని ఉంటాయి. రీఫండ్ ఇప్పిస్తామంటూ స్క్రీన్ చూపించే యాప్ వేయమన్నా, యూపీఐ పిన్ కొట్టమన్నా ఫోన్ పెట్టేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.