ఆయాసపడే పెద్దవాళ్లకు బీఎన్‌పీ ఎక్కువ వస్తే

సమస్య

"అమ్మకు నాలుగు రోజులుగా ఆయాసం సార్. బీఎన్‌పీ 2,350 వచ్చింది, నార్మల్ 125 లోపే అంట. గుండె ఫెయిలైపోయిందా?" కనిగిరి, పామూరు వైపు నుంచి పెద్దవాళ్లను ఒంగోలుకో నెల్లూరుకో తీసుకొచ్చే పిల్లలు రిపోర్టు చేతిలో పట్టుకుని అడిగే మాట ఇది. బీఎన్‌పీ అంటే గుండె మీద ఎంత భారం పడుతోందో చూపే రక్త పరీక్ష. ఆ 125 పక్కన 2,350 చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. కానీ 78 ఏళ్ల మనిషి ఆయాసంతో ఆస్పత్రికి వచ్చినప్పుడు చూసుకోవాల్సిన గీత 125 కాదు.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. కూర్చున్నా ఊపిరి అందకపోవడం, ఆక్సిజన్ 90 కంటే తగ్గడం, ఛాతీ నొప్పి, పెదాలు నీలంగా మారడం, మాట తడబడటం, వీటిలో ఏది ఉన్నా రిపోర్టు కోసం ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

ముందు పరీక్ష పేరు చూడండి

మనం బీఎన్‌పీ అని పిలిచేవి నిజానికి రెండు పరీక్షలు. గుండె గది గోడ సాగినప్పుడు ఒక పెద్ద ప్రొటీన్ తయారై రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క బీఎన్‌పీ, రెండోది ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. మొదటిది రక్తంలో ఇరవై నిమిషాల్లో సగమైపోతుంది. రెండోదానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది, అది బయటికి పోవడానికి కిడ్నీల మీద ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే రెండింటి అంకెలూ వేరు. ఎమర్జెన్సీలో బీఎన్‌పీ 100 కంటే తక్కువ ఉన్నా, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 300 కంటే తక్కువ ఉన్నా ఆయాసానికి గుండె వైఫల్యం కారణం కాదని చాలావరకు నమ్మవచ్చు. బాగా లావుగా ఉన్నవాళ్లలో మాత్రం ఈ అంకె ఉండాల్సినదానికంటే తక్కువగా వస్తుంది, అక్కడ జాగ్రత్త. ఒక పరీక్షలో వచ్చిన అంకెను రెండోదాని గీతతో పోల్చకూడదు. పైన చెప్పిన 2,350 ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీది.

కారణం: వయసు

వయసు పెరిగేకొద్దీ గుండె గోడ కాస్త బిగుసుకుంటుంది, కిడ్నీలూ నెమ్మదిస్తాయి. ఆయాసం లేని పెద్దవాళ్లలోనూ ఈ అంకె పైకి జరుగుతుంది. అందుకే హఠాత్తుగా ఆయాసం వచ్చినవాళ్లకు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ గీతలు వయసును బట్టి పెట్టారు. 50 ఏళ్ల లోపు 450, 50 నుంచి 75 వరకు 900, 75 దాటితే 1,800. వీటిని దాటితే గుండె వైఫల్యం ఉండే అవకాశం ఎక్కువని అర్థం, ఖాయమని కాదు. చాలా ల్యాబులు ముద్రించే 125 నెమ్మదిగా మొదలైన ఆయాసంతో ఓపీకి వచ్చినవాళ్లలో గుండె వైఫల్యం లేదని చెప్పడానికి వాడే గీత.

కారణం: కిడ్నీ

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. "క్రియాటినిన్ 1.4 ఏగా, కొంచెం ఎక్కువ, ఫర్వాలేదు" అనుకుంటారు. కండ తగ్గిన ముసలామెలో 1.4 చిన్న అంకె కాదు. 78 ఏళ్ల స్త్రీకి 1.4 క్రియాటినిన్‌తో లెక్కవేస్తే ఈజీఎఫ్‌ఆర్ 38 దగ్గర వస్తుంది. అంటే కిడ్నీ వడపోత సగానికి పైగా తగ్గింది. అందుకే బీఎన్‌పీ రిపోర్టు చూసేముందు క్రియాటినిన్ నుంచి ఈజీఎఫ్‌ఆర్ లెక్క వేయించండి. ఈ వైపు పల్లెల్లో కిడ్నీ జబ్బు కొత్త కాదు, పైకి ఏమీ తెలియకుండా ఉన్నవాళ్లూ చాలామందే.

ఈజీఎఫ్‌ఆర్ 60 లోపు ఉన్నవాళ్లకు బీఎన్‌పీ గీతను 100 నుంచి 200కి జరపాలని సూచిస్తారు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీకి 1,200 అనే గీత ఉంది. కానీ 75 దాటినవాళ్లకు పెట్టిన 1,800లో వయసుతో తగ్గే కిడ్నీ లెక్క కొంత కలిసే ఉంది కాబట్టి దాని మీద మళ్లీ పెంచనవసరం లేదు. ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే పడిపోయినా, డయాలసిస్‌లో ఉన్నా ఏ గీతా గట్టిగా నిలబడదు. అక్కడ ఆ మనిషి పాత అంకె ఒక్కటే దారి చూపిస్తుంది.

అలాగని "కిడ్నీ వల్లే పెరిగింది" అని పక్కన పెట్టేయడం ఇంకో తప్పు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు బీపీ ఉంటుంది, రక్తం తక్కువ ఉంటుంది, ఒంట్లో నీరు నిలుస్తుంది. ఇవన్నీ గుండెను నిజంగానే సాగదీస్తాయి. పెరిగిన అంకెలో కొంత బయటికి పోక మిగిలింది, కొంత గుండె నిజంగా పంపింది. ఏది ఎంతో అంకె ఒక్కటే చెప్పలేదు.

ఒక కేసు

పైన చెప్పిన అమ్మగారి వయసు 78, బరువు 46 కిలోలు. ఊళ్లోనే ఒంట్లో నీరు తీసే లాసిక్స్ ఇంజెక్షన్ రెండుసార్లు వేసి పంపారు. నా దగ్గరికి వచ్చేసరికి బీపీ 96/60, నాలుక ఎండిపోయి ఉంది. వెల్లకిలా పడుకోబెడితే ఆయాసం పెరగలేదు. మెడ నరాలు ఉబ్బలేదు, కాళ్లలో వాపు లేదు. కుడివైపు కింద మాత్రం ఊపిరితిత్తిలో చిటపట శబ్దం. జ్వరం లేదు. పెద్దవాళ్లకు న్యుమోనియాలో జ్వరం రాకపోవడం మామూలే.

కొడుకు పాత ఫైలు తెచ్చాడు. పోయిన ఏడాది, ఆమె బజారుకు నడిచి వెళ్లొచ్చే రోజుల్లో, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 2,100, క్రియాటినిన్ 1.4. ఇప్పుడు 2,350, క్రియాటినిన్ 1.9. ఈ పరీక్షలో మనిషి మారకుండానే అంకె పాతిక శాతం వరకు అటూ ఇటూ అవుతుంది. 2,100 నుంచి 2,350 అంటే 12 శాతమే. క్రియాటినిన్ అలా మారుతున్న రోజుల్లో ఈజీఎఫ్‌ఆర్ లెక్క కూడా నమ్మదగింది కాదు. ఎక్స్‌రేలో కుడివైపు కింద మచ్చ, తెల్లకణాలు బాగా ఎక్కువ, 16,000. ఎకోలో పంపింగ్ 58 శాతం, అంటే మామూలే, కానీ హైబీపీ వల్ల గుండె గోడ మందం. పాత 2,100కి ఆ మందమైన గోడ, నెమ్మదించిన కిడ్నీ కలిసి సమాధానం చెబుతున్నాయి. ఈ ఆయాసానికి కారణం న్యుమోనియా. లాసిక్స్ ఆపి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, సెలైన్ కొద్దికొద్దిగా ఇచ్చాం. వారంలో క్రియాటినిన్ 1.5కి దిగింది.

అదే 2,350, పాత అంకె 600 అయి ఉంటే? పైగా రాత్రి నిద్రలో లేచి కూర్చుని ఊపిరి పీల్చుకుంటూ, పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడుతూ, వారంలో మూడు కిలోలు పెరిగి ఉంటే? అప్పుడది గుండె వైఫల్యమే. కిడ్నీ ఉందని లాసిక్స్‌కు వెనకాడితే ఊపిరితిత్తుల్లో నీరు పెరుగుతుంది.

పరిష్కారం

పాత అంకె లేనివాళ్లకు మెడ నరాలు, పడుకుంటే ఆయాసం పెరుగుతుందా అన్నది, ఎక్స్‌రే, ఈసీజీ, ఎకో, హిమోగ్లోబిన్ చూశాకే నిర్ణయం. ఈసీజీలో గుండె లయ తప్పి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనిపిస్తే అది ఒక్కటే అంకెను పెంచగలదు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కట్టినా, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. గుండె వైఫల్యానికి ఇచ్చే సాకుబిట్రిల్ కలిసిన మాత్ర వాడుతున్నవాళ్లకు బీఎన్‌పీ బదులు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీయే చేయించాలి, ఆ మందు బీఎన్‌పీని విరగకుండా ఆపుతుంది.

కిడ్నీ జబ్బు గానీ గుండె జబ్బు గానీ ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్లు బాగున్న రోజు ఒకసారి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చేయించండి. అదే రోజు క్రియాటినిన్, బరువు కూడా రాసి ఫైల్లో పెట్టండి. తర్వాత ఎప్పుడు చేయించినా అదే పరీక్ష, వీలైతే అదే ల్యాబు.