అమెరికాలో దిగిన కొత్తలో బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, క్రెడిట్ స్కోరు ఎలా మొదలుపెట్టాలి?

మా పిన్ని కొడుకుది మిర్యాలగూడ. నిరుడు ఆగస్టులో ఎంఎస్ కోసం డాలస్ వచ్చాడు. వచ్చిన మూడో రోజే బ్యాంకుకు వెళ్తే సోషల్ సెక్యూరిటీ నంబర్, అంటే ఎస్ఎస్ఎన్, లేనిదే ఖాతా తెరవలేమని వెనక్కి పంపేశారు. వాడికి ఒకటే టెన్షన్, ఎందుకంటే క్యాంపస్‌లో ఉద్యోగం దొరికితే తప్ప ఆ నంబర్ రాదు, అప్పటిదాకా డబ్బులు ఎక్కడ పెట్టుకోవాలి?

నిజానికి అక్కడి పౌరులు కానివాళ్లకు ఆ నంబర్ బదులు పాస్‌పోర్టు నంబర్‌తో ఖాతా తెరవడానికి చట్టం ఒప్పుకుంటుంది. కాకపోతే ఏ బ్యాంకు నియమాలు దానివి. అందుకే యూనివర్సిటీ పక్కనున్న బ్రాంచికి ముందే ఫోన్ చేసి, "ఎఫ్-1 విద్యార్థిని, ఇంకా ఎస్ఎస్ఎన్ లేదు, తెరుస్తారా?" అని అడిగి వెళ్లండి. ఆన్‌లైన్ ఫారాలు చాలావరకు ఆ నంబర్ దగ్గరే ఆగిపోతాయి కాబట్టి మనిషి వెళ్లడమే మేలు. పాస్‌పోర్టు, వీసా, ఐ-20, i94.cbp.dhs.gov నుంచి తీసిన ఐ-94 అనే దేశ ప్రవేశ రికార్డు ప్రింటు, అడ్రస్ కోసం ఇంటి లీజు పట్టుకెళ్లండి. లీజులో మీ పేరు లేకపోతే యూనివర్సిటీ నుంచి అడ్రస్ లెటర్ సరిపోతుందేమో ఆ ఫోన్‌లోనే కనుక్కోండి. స్టూడెంట్ చెకింగ్ ఖాతా అడగండి, నెలవారీ ఫీజు మీ వయసుకు కూడా మాఫీ అవుతుందా అన్నది తేల్చుకోండి, ఎందుకంటే కొన్నిచోట్ల వయసు పరిమితి ఉంటుంది, ఎంఎస్‌కి వచ్చేవాళ్లలో కొందరు అది దాటి ఉంటారు.

పేరు విషయంలో మాత్రం తొందరపడకండి. మనలో కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, అప్పుడు వీసా మీద మొదటి పేరు దగ్గర FNU, అంటే మొదటి పేరు తెలియదు అని పడుతుంది. బ్యాంకులో ఒకలా, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఇంకోలా పడితే మీ క్రెడిట్ రికార్డు రెండు ముక్కలయ్యే ప్రమాదం ఉంది. స్క్రీన్ మీ వైపు తిప్పమని అడిగి, అక్షరం అక్షరం చూసుకున్నాకే సంతకం పెట్టండి. డెబిట్ కార్డు పోస్టులో వస్తుంది, కాబట్టి అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్స్ మీద రూమ్మేట్ల పేర్లతో పాటు మీ పేరు కూడా అంటించండి.

ఇక క్రెడిట్ సంగతి. నల్గొండలో మా వీధి కిరాణా కొట్టులో నాన్న పేరు చెబితే చాలు, అరువు రాసుకుంటారు. ఇక్కడ ఆ పుస్తకం ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు సంస్థల దగ్గర ఉంటుంది, అందులో మీ పేజీ ఖాళీ. ఊళ్లో ఎంత మంచి సిబిల్ స్కోరు ఉన్నా అక్కడికి రాదు. డెబిట్ కార్డు ఎంత వాడినా ఆ పేజీలో ఒక్క గీత పడదు, ఎందుకంటే అది మీ డబ్బే, అప్పు కాదు.

మా తమ్ముడికి క్యాంపస్ డైనింగ్‌లో పని దొరికి, అక్టోబరులో ఎస్ఎస్ఎన్ వచ్చింది. మొదట చేయాల్సింది బ్యాంకుకు వెళ్లి ఆ నంబర్ ఖాతాలో ఎక్కించడం. తర్వాత వాడు సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు తీసుకున్నాడు. 300 డాలర్లు డిపాజిట్ పెడితే లిమిట్ కూడా 300. ఆ డిపాజిట్ ఎక్కడికీ పోదు, బాకీ తీర్చి కార్డు మూసేసినా, మామూలు కార్డుగా మారినా తిరిగి వస్తుంది. తీసుకునేముందు ఆ కార్డు మూడు సంస్థలకూ రిపోర్టు చేస్తుందా అని అడగండి.

అప్పిచ్చేవాళ్లు ఎక్కువగా చూసే క్రెడిట్ స్కోరు ఫైకో. అది రావాలంటే కనీసం ఆరు నెలల వయసున్న ఖాతా ఒకటి ఉండాలి. వాడు ప్రతి నెలా గడువులోపే మొత్తం కట్టేశాడు, ఒక్క డాలరు వడ్డీ పడలేదు, అయినా మే నెలలో మొదటి స్కోరు 640 దగ్గర ఆగింది. కారణం వాడి యాప్‌లోనే కనిపించింది. స్టేట్‌మెంట్ 12వ తేదీన తయారవుతుంది, కట్టాల్సిన గడువు తర్వాతి నెల 7. చాలా కార్డుల్లాగే వాడి కార్డు కూడా 12న ఎంత బాకీ ఉందో అదే ఆ సంస్థలకు పంపుతోంది. సరుకులకు 240 వాడితే, 300లో 80 శాతం వాడేశాడని అక్కడ పడుతోంది. 7న కట్టడం మంచిదే, కానీ పంపిన లెక్క అప్పటికే వెళ్లిపోయింది.

అప్పటినుంచి ప్రతి నెలా 8వ తేదీన 220 కట్టేస్తున్నాడు, డబ్బు జమ కావడానికి ఒకట్రెండు రోజులు పట్టొచ్చు కదా. 12న 20 మాత్రమే కనిపిస్తుంది, అంటే 7 శాతం లోపే. మిగిలిన 20 ఆటోపే తీసుకుంటుంది. ఆటోపేలో మినిమమ్ కాకుండా పూర్తి స్టేట్‌మెంట్ మొత్తం అని ఎంచుకోండి, మినిమమ్ కడితే మిగిలినదానికి వడ్డీ పడుతుంది. రెండు నెలలకే వాడి స్కోరు 700 దాటింది. వాడకం ఎక్కువై తగ్గిన స్కోరు ఇలా త్వరగానే కోలుకుంటుంది గానీ, గడువు దాటి 30 రోజులు ఆలస్యమైతే ఆ మచ్చ ఏడేళ్లు ఉంటుంది.

ఆరు నెలలు నిండాక AnnualCreditReport.com లో మూడు రిపోర్టులూ ఉచితంగా తీసి, పేరు, అడ్రస్, కార్డు వివరాలు పాస్‌పోర్టు, లీజు, కార్డు పక్కన పెట్టుకుని సరిచూడండి. తప్పు ఏ సంస్థ రిపోర్టులో ఉంటే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. వాడి రిపోర్టులో ఫ్లాట్ నంబరు తప్పు పడితే అలాగే సరిచేయించాడు.